యాక్టివేట్ చేసిన టీ కణాల్లో క్రోమాటిన్ నిజంగానే అంతా తెరుచుకుందా? ఒకే డేటాకి రెండు జవాబులు వస్తున్నాయి

స్రవంతి_టీసెల్

ముగ్గురు దాతల రక్తం నుంచి నైవ్ సీడీ4 టీ కణాలు తీశాం. ఒక్కో దాత కణాల్లో సగం అలాగే ఏటాక్-సీక్‌కి వెళ్లాయి. మిగతా సగం యాంటీ-సీడీ3, యాంటీ-సీడీ28 పూసలతో 48 గంటలు ఉంచాక వెళ్లాయి. మొత్తం ఆరు శాంపిళ్లు. `DESeq2` ని మార్పులేమీ లేకుండా నడిపితే తెరుచుకున్న పీక్‌లు, మూసుకున్న పీక్‌లు దాదాపు చెరి సగం వస్తున్నాయి. అవే పీక్‌లు, అవే శాంపిళ్లను `DiffBind` మామూలు సెట్టింగ్‌తో నడిపితే దాదాపు అన్నీ తెరుచుకున్నవే. పేపర్‌లో ఏది పెట్టాలి? మా గైడ్ "కథ బాగున్నది పెట్టు" అంటున్నారు, నాకు ధైర్యం చాలడం లేదు.

పీక్_వేటగాడు

ఇంత టెన్షన్ ఎందుకండీ? ఒక్కో స్థితికి విడివిడిగా `MACS2` నడపండి, `bedtools intersect` తో కలిపి చూడండి. యాక్టివేట్ అయినవాటిలో మాత్రమే ఉన్న పీక్ కొత్తగా తెరుచుకున్నట్టు, నైవ్‌లో మాత్రమే ఉన్నది మూసుకున్నట్టు. వెన్ చిత్రం చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. నార్మలైజేషన్ గొడవే ఉండదు.

నెల్లూరు_గణితం

గొడవ పోదు వేటగాడు గారూ, కనపడకుండా లోపలికి వెళ్లి కూర్చుంటుంది. పీక్ ఉందా లేదా అన్నది ఒక గీత దాటిందా లేదా అన్నదే. ఒక చోటు ఆ గీతకి కాస్త పైన, ఇంకో శాంపిల్‌లో అదే చోటు కాస్త కింద ఉంటే మీ వెన్ చిత్రం దాన్ని "ప్రత్యేకం" అంటుంది. నిజానికి రెండింటికీ తేడా లేదు.

నమ్మకం లేకపోతే ఈ పరీక్ష చేయండి. ఒకే నైవ్ శాంపిల్ తీసుకుని `samtools view -b -s 42.5 naive1.bam > half.bam` అని సగం రీడ్లు మాత్రమే ఉంచండి. రెండింటిలో విడిగా పీక్‌లు వెతికి వెన్ గీయండి. అవే కణాలు, అదే ట్యూబ్, అయినా పూర్తి ఫైల్‌లో "కొత్తగా తెరుచుకున్న" పీక్‌లు బోలెడు వస్తాయి. అందుకే ఆరు శాంపిళ్ల రీడ్లనూ కలిపి పీక్‌లు వెతికి ఒకే జాబితా చేసుకోవాలి, ప్రతి పీక్‌లో ప్రతి శాంపిల్ రీడ్లు లెక్కపెట్టి పోల్చాలి.

స్రవంతి గారూ, మైటోకాండ్రియా రీడ్లు, డూప్లికేట్లు తీసేశాక ఒక్కో శాంపిల్‌లో ఎన్ని మిగిలాయి? అందులో పీక్‌లలో పడినవి ఎంత శాతం?

స్రవంతి_టీసెల్

జాబితా మీరు చెప్పినట్టే చేశానండీ, అందరివీ కలిపి, ఒక్కో పీక్ 501 బేస్‌ల వెడల్పు. శుభ్రం చేశాక ఒక్కోదానిలో ఇంచుమించు 4 కోట్ల రీడ్లు. పీక్‌లలో పడినవి నైవ్‌లో 18 శాతం దగ్గర, యాక్టివేట్ అయినవాటిలో 36 శాతం దగ్గర. ముగ్గురు దాతల్లోనూ ఇదే తీరు.

నెల్లూరు_గణితం

మీ రెండు జవాబులకీ కారణం ఆ 18, 36 లోనే ఉంది.

నైవ్‌లో పీక్‌లలో పడినవి 72 లక్షలు, బయట 3 కోట్ల 28 లక్షలు. రెండోదానిలో పీక్‌లలో 1 కోటి 44 లక్షలు, బయట 2 కోట్ల 56 లక్షలు. ఇప్పుడు ఒక సాధారణ పీక్ తీసుకుందాం, నైవ్‌లో 100 రీడ్లు, యాక్టివేట్ అయినదానిలో 200.

మొత్తం రీడ్లతో భాగిస్తే (`DiffBind` మామూలుగా చేసేది ఇదే) రెండు శాంపిళ్లూ 4 కోట్లే కాబట్టి ఆ పీక్ రెట్టింపు తెరుచుకుంది. `DESeq2` మాత్రం మీరిచ్చిన పట్టికనే చూస్తుంది, అందులో ఉన్నవి పీక్‌ల రీడ్లే. ఎక్కువ పీక్‌లు మారలేదని అది ముందే అనుకుంటుంది. సగటున అన్నీ రెట్టింపైతే ఆ రెట్టింపునే సున్నాగా పెట్టుకుంటుంది. అప్పుడు మన పీక్‌లో మార్పు లేదు. మూడో దారి కూడా ఉంది, పీక్‌ల బయటి రీడ్లు రెండింట్లో సమానమని అనుకుని సరిచేయడం. అలా చేస్తే 200ని 3.28/2.56 తో హెచ్చించాలి, అదే పీక్ 2.56 రెట్లు తెరుచుకున్నట్టు.

ఒకటి, రెండు, రెండున్నర. మూడూ సరైన గుణకారాలే. తేడా అంతా "మారనిది ఏది" అన్న ఊహలో ఉంది. దాన్ని ఏ ప్యాకేజీ కూడా డేటా నుంచి తేల్చలేదు. 2020లో ఏఆర్ఐడీ1ఏ లోపించిన కణాల డేటా మీద ఇదే విషయం చూపించిన పేపర్ వచ్చింది, నార్మలైజేషన్ మారిస్తే తేల్చే మాటే మారిపోతుందని.

వరి_జన్యువులు

మా దగ్గరా ఇదే బాధ. వరి ఆకుల్లో ఏటాక్ చేస్తే రీడ్లలో పెద్ద భాగం క్లోరోప్లాస్ట్‌కే పోతుంది. నీడలో పెంచిన మొక్కకీ ఎండలో పెంచినదానికీ ఆ వాటా వేరు. అది తీసేశాక రెండూ సర్దుకున్నాయి. మీదీ అదే అయి ఉంటుంది, మైటోకాండ్రియా తీసేయండి, సరిపోతుంది.

నెల్లూరు_గణితం

ఆమె తీసేశాకే ఈ సంఖ్యలు చెప్పారండీ. అయినా మీ మాటలో పనికొచ్చేది ఒకటుంది. టీ కణాలు యాక్టివేట్ అయితే మైటోకాండ్రియా పెరుగుతాయి. "మొత్తం రీడ్లు" అని అసలు బామ్ ఫైల్ మొత్తాన్ని లెక్కేస్తే ఆ భాజకంలో అవీ దూరతాయి. స్రవంతి గారూ, `DiffBind` కి ఇచ్చింది శుభ్రం చేసిన ఫైలే కదా, ఒకసారి చూసుకోండి.

బెంచ్_బాబాయ్

లెక్కలు మీరు చూసుకోండి, నేను ట్యూబ్ సంగతి అడుగుతా. అమ్మా స్రవంతీ, నైవ్ కణాలు ఫ్రీజర్ నుంచి తీసి వెంటనే టీఎన్5 వేశారా? బతికున్నవి ఎంత శాతం? యాక్టివేట్ అయినవాటిని 50 వేలు అని లెక్కపెట్టి తీసుకున్నారా?

స్రవంతి_టీసెల్

అవును బాబాయ్ గారూ, కరిగించి కడిగి అదే రోజు చేశాం. బతికున్నవి 84–88 శాతం. రెండో జట్టు అవే కణాలు, 48 గంటలు కల్చర్‌లో ఉన్నాయి కాబట్టి 95 దాటింది. రెండింట్లోనూ 50 వేల కణాలు, ఒకే మోతాదు ఎంజైమ్.

బెంచ్_బాబాయ్

అక్కడుంది చూడు. చచ్చిన కణం డీఎన్‌ఏని ఏ నియమమూ కాపాడదు, టీఎన్5 ఎక్కడ పడితే అక్కడ కోస్తుంది. ఆ ముక్కలు జన్యువంతా సమానంగా పరుచుకుంటాయి, పీక్‌లలో పడిన వాటా తగ్గిపోతుంది. నీ నైవ్‌లో 18 శాతం రావడానికి క్రోమాటిన్ మూసుకుని ఉండడమే అక్కర్లేదు, నూటికి పన్నెండు పదహారు చచ్చినవి చాలు. అప్పుడు మొత్తం రీడ్లతో భాగించడం తప్పు, బయటి రీడ్లతో సరిచేయడం ఇంకా పెద్ద తప్పు.

ఇంకోటి. 48 గంటల దగ్గర చాలా కణాలు విభజనకి తయారవుతూ ఉంటాయి, డీఎన్‌ఏ రెట్టింపయినవీ ఉంటాయి. 50 వేల కేంద్రకాలే అయినా ట్యూబ్‌లో డీఎన్‌ఏ ఎక్కువ, ఎంజైమ్ అంతే. అంటే ఒక్కో బేస్‌కి దక్కిన ఎంజైమ్ తక్కువ. ఇది ఎటు లాగుతుందో కాగితం మీద చెప్పలేం.

పీక్_వేటగాడు

సరే వెన్ వదిలేశాను. అయితే ఎప్పుడూ తెరిచి ఉండే హౌస్‌కీపింగ్ జన్యువుల ప్రొమోటర్లు ఉన్నాయి కదా, వాటిని సమానం చేసి చూస్తే తేలిపోతుంది. ఆర్‌టీ-పీసీఆర్‌లో ఆక్టిన్‌తో చేసినట్టే. అవీ రెట్టింపయితే ట్యూబ్ తేడా, కాకపోతే నిజమైన మార్పు.

నెల్లూరు_గణితం

ఈసారి మంచి ఆలోచన, సగం వరకు. మొత్తం రీడ్లతో భాగించాక ఆ ప్రొమోటర్లు కదలకుండా ఉండి ఎన్‌హాన్సర్లు మాత్రమే పెరిగాయనుకోండి, అప్పుడు ట్యూబ్ తేడా అన్న వాదన బలహీనపడుతుంది. చచ్చిన కణాల మురికి ప్రొమోటర్లను ఎన్‌హాన్సర్లను వేరుగా చూడదు. సీటీసీఎఫ్ కూర్చునే చోట్లు కూడా ఇందుకు పనికొస్తాయి, చాలావరకు అవి స్థితిని బట్టి పెద్దగా మారవు.

అవి కూడా రెట్టింపయితేనే చిక్కు. నైవ్ టీ కణం చిన్నది, క్రోమాటిన్ ముడుచుకుని ఉంటుంది, ట్రాన్స్‌క్రిప్షన్ చాలా తక్కువ. యాక్టివేట్ కాగానే కణం పెరుగుతుంది, ట్రాన్స్‌క్రిప్షన్ మొత్తంగా ఎగబాకుతుంది. హౌస్‌కీపింగ్ ప్రొమోటర్లు నిజంగానే ఇంకా తెరుచుకోవచ్చు. ఆక్టిన్ పోలిక ఈ కణానికే సరిపోదు.

నా సలహా వేరు. మూడు పద్ధతులూ చేసేది ఒక్కటే: ప్రతి పీక్ లాగ్ నిష్పత్తికి ఒకే సంఖ్య కలపడం లేదా తీయడం. సున్నా జరుగుతుంది, వరస మారదు. కాబట్టి సున్నా ఎక్కడుందో తెలియక్కర్లేని ప్రశ్నలు అడగండి. మిగతా పీక్‌లతో పోలిస్తే బాగా తెరుచుకున్నవాటిలో ఏ మోటిఫ్‌లు ఉన్నాయి? ఏపీ-1, ఎన్‌ఫ్యాట్ మోటిఫ్‌లు పైకి, టీసీఎఫ్1 మోటిఫ్‌లు కిందికి వస్తే ఆ మాట ఏ నార్మలైజేషన్‌లోనైనా నిలబడుతుంది. "ఇన్ని తెరుచుకున్నాయి, ఇన్ని మూసుకున్నాయి" అన్న పట్టీల బొమ్మ మాత్రం నిలబడదు. ఒక జాగ్రత్త: లోయెస్ లాంటి వంకర గీతతో సరిచేస్తే వరస కూడా మారుతుంది.

ఇంకోటి, దాతని డిజైన్‌లో పెట్టారా? ఒకే మనిషి కణాలు జంటలుగా ఉన్నాయి, దాన్ని వదులుకోకండి. కింది కోడ్‌లోని `lib` లో ఒక్కో శాంపిల్‌కి భాజకంగా ఏ సంఖ్య పెడతారో దాన్ని బట్టి ఊహ మారుతుంది, మూడుసార్లు నడిపి ఎంఏ ప్లాట్లు పక్కపక్కన పెట్టండి.

```r
dds <- DESeqDataSetFromMatrix(cts, meta, ~ donor + state)
sizeFactors(dds) <- lib / exp(mean(log(lib)))
dds <- DESeq(dds)
```

స్రవంతి_టీసెల్

దాతని పెట్టలేదండీ, ఇప్పుడు పెడతాను. బామ్ ఫైళ్లు శుభ్రం చేసినవే. సీటీసీఎఫ్ చోట్లు చూశాను, మొత్తం రీడ్లతో భాగిస్తే అవి కూడా 1.6 రెట్లు పెరిగాయి. మధ్యరకం పీక్ 2 రెట్లు. అంటే రెండూ కలిసున్నాయా?

నెల్లూరు_గణితం

అలాగే కనిపిస్తోంది. ఆ 1.6లో ఎక్కువ భాగం బాబాయ్ గారు చెప్పిన మురికే అని నా అనుమానం. తీసేస్తే మిగిలేది 1.25 రెట్లు. అదే నిజమైన మార్పు అని రాసే ధైర్యం మాత్రం నేను చేయను.

బెంచ్_బాబాయ్

అనుమానాలతో పేపర్ రాయలేం. ఒక దాతతోనైనా మళ్లీ చెయ్యి. నైవ్ కణాల్ని కరిగించాక కొన్నింటిని పూసలు లేకుండా, బతకడానికి ఐఎల్-7 ఇచ్చి అదే 48 గంటలు ఉంచు. టీఎన్5 వేసే ముందు అన్నింటికీ డీఎన్ఏజ్ పెట్టి, బాగా కడుగు. వీలైతే ప్రతి ట్యూబ్‌లోనూ ఈగ కేంద్రకాలు ఒకే సంఖ్యలో కలుపు. డ్రాసోఫిలా రీడ్లలో పీక్ వాటా అన్ని ట్యూబుల్లో ఒకటే వస్తే ఎంజైమ్ సమానంగా పనిచేసినట్టు.

నెల్లూరు_గణితం

ఈగల మీద నాకంత నమ్మకం లేదు బాబాయ్. ఈగ రీడ్లతో మనిషి రీడ్లను భాగిస్తే మీ కణాల లెక్కింపులో ఉన్న తప్పు నేరుగా జవాబులోకి వస్తుంది. లెక్కింపు పది శాతం అటూ ఇటూ అయితే ఆ పది శాతం మీ "మొత్తం మార్పు" అయిపోతుంది. పైగా చచ్చిన టీ కణాల మురికి ఈగ పీక్ వాటాని ముట్టుకోదు, కాబట్టి అసలు అనుమానం అలాగే ఉంటుంది.

బెంచ్_బాబాయ్

భాగించమని నేననలేదుగా, ఎంజైమ్ సంగతి చూడమన్నా. మురికి కోసమే డీఎన్ఏజ్. పది శాతం తప్పుకి భయపడి రెండింతల తేడాని వదిలేస్తామా?

స్రవంతి_టీసెల్

ఇద్దరికీ థాంక్సండీ. ఐఎల్-7 కంట్రోల్, డీఎన్ఏజ్ తప్పకుండా చేస్తాం. ఈగ కేంద్రకాల గురించి మా పక్క ల్యాబ్‌ని అడగాలి. ప్రస్తుతానికి పట్టీల బొమ్మ తీసేసి, మూడు ఎంఏ ప్లాట్లు, మోటిఫ్‌ల వరస మాత్రం పెట్టాను. గైడ్ ఇంకా చూడలేదు.

వరి_జన్యువులు

డీఎన్ఏజ్ మొక్కల కేంద్రకాల మీద ఎవరైనా వాడి చూశారా? కేంద్రకాలు తీసేటప్పుడే సగం పగులుతున్నాయి మాకు.