ఇటాలియన్‌లో "ఐ మిస్ యూ": తి మాంకోనా, మి మాంకీనా?

పెరూజా పిల్ల: చదువుకోసం పెరూజాలో ఆరు నెలలు ఒకావిడ ఇంట్లో ఉన్నాను. జూన్ 12న ఆవిడ పుట్టినరోజు. "హ్యాపీ బర్త్‌డే టు మై హోస్ట్ మదర్, థాంక్యూ ఫర్ ఎవ్రీథింగ్, ఐ మిస్ యూ అండ్ యువర్ లజాన్యా, లవ్ యూ" అని రాసుకున్నా. ఇటాలియన్‌లోకి మారిస్తే "తి మాంకో" అని వచ్చింది. సరేనా?

రైలుబండి: తి అంటే నీకు, మాంకో అంటే నేను లేనిలోటు. అంటే "నేను నీకు గుర్తొస్తున్నానుగా" అన్నట్టు! పుట్టినరోజునాడు ఆవిడ్ని నిలదీసినట్టుంటుంది. "మి మాంకీ" అనాలమ్మా. తెలుగులో "నాకు మీరు గుర్తొస్తున్నారు" అంటాం కదా, అచ్చం అదే కట్టుబడి. మనకి ఇంగ్లీషు దారిలో వెళ్తేనే తికమక. గుర్తొచ్చేది వంటలైతే క్రియ కూడా "వస్తున్నాయి" అవుతుంది కదా, అక్కడా అంతే: మి మాంకనో లే తూఎ లజాన్యే. లజాన్యే అక్కడ బహువచనమే.

గోంగూర: లవ్ యూకి "తి ఆమో". ఇది మాత్రం నాకు తెలుసు.

రైలుబండి: అది భార్యాభర్తలకి, ప్రేమికులకి. అమ్మకి "తి వోల్యో బేనే". మాటకి మాట చూస్తే "నీ మంచి కోరుతున్నా"నని.

గోంగూర: మరి మా పక్కింటి ఇటలీ ఆవిడ పసిపిల్లని "ఆమోరె మియో" అంటుందే?

రైలుబండి: అంటారు, అది ముద్దు పిలుపు. అయినా ఈ పిల్ల ఆవిడకి "తి ఆమో" రాస్తే నాకైతే వింతగానే ఉంటుంది.

వేపచెట్టు: నేను జర్మనీలో ఉంటా. ఇంటి ఓనర్‌కి అద్దె రసీదు మీద ఏం రాయాలి?

పెరూజా పిల్ల: అన్నా, మీది వేరే థ్రెడ్ పెట్టండి 🙂 "హోస్ట్ మదర్"కి ఏమనాలి?

రైలుబండి: "మాద్రె ఒస్పితాంతె" ఉంది కానీ దరఖాస్తు ఫారంలో మాట. మమ్మా అని పిలిచేదానివా?

పెరూజా పిల్ల: పేరు పెట్టే పిలిచేదాన్ని. ఒక్కోసారి మమ్మా.

గోంగూర: ఆవిడ సొంత పిల్లలు చూస్తే ఏమనుకుంటారో. పేరే మేలు.

రైలుబండి: ఏమనుకోరు. నేనైతే ఇలా పంపుతా:

"కారా మమ్మా, తాంతి అవుగూరి ది బువోన్ కోంప్లెయాన్నో! గ్రాత్సియే పెర్ అవెర్మి ఫాత్తో సెంతీరే ఆ కాజా. మి మాంకీ, ఎ మి మాంకనో లే తూఎ లజాన్యే. తి వోల్యో తాంతో బేనే."

"ఎవ్రీథింగ్"కి బదులు "మీ ఇంట్లో నా ఇంట్లో ఉన్నట్టే అనిపించేలా చేసినందుకు" అని పెట్టాను.

పెరూజా పిల్ల: బావుంది అక్కా! రాత్రి పన్నెండు కొట్టగానే పంపేస్తా.

రైలుబండి: వద్దు! అప్పుడు అక్కడ ఇంకా 11వ తేదీ రాత్రి ఎనిమిదిన్నరే. పుట్టినరోజు రాకముందే శుభాకాంక్షలు చెబితే అపశకునమంటారు అక్కడ. మన పొద్దున పదకొండుకి పంపు, ఆవిడకి ఏడున్నర అవుతుంది, కాఫీ టైము.

వేపచెట్టు: జర్మనీలోనూ ముందుగా చెప్పరు. నా రసీదు సంగతి...