డప్పు మీద తెలుగు పలుకుతుందా?

సుజాత, మారతహళ్ళి: కాంగోలో లోకెలె అనే భాషవాళ్ళు డోలు మీద పూర్తి వాక్యాలు పంపుకునేవారని చదివాను. ముందుగా అనుకున్న గుర్తులు కాదట, నోటితో మాట్లాడే మాటలే. మన తెలుగుని కూడా అలా డప్పు మీద పలికించవచ్చా? మనకు గురులఘువులు ఉన్నాయి కదా.

వెంకటేశ్: ఎందుకు పలకదండీ! ఉత్పలమాల పాదం వాయిస్తే ఛందస్సు తెలిసినవాళ్ళు వెంటనే పోల్చుకుంటారు. వాళ్ళు చేసేదీ అదే, అంతా లయే.

రమణ, కె.ఆర్.పురం: మాది అనంతపురం వైపు. మా తాతకి గొర్రెలుండేవి. ఒక ఈలకి మంద ఆగేది, ఇంకో ఈలకి నీళ్ళవైపు తిరిగేది. మన దగ్గరా ఈల భాష ఉండేదన్నమాట.

పద్మజ: రమణ గారూ, అది చక్కటి పద్ధతే, కానీ సుజాత గారు అడిగింది వేరు. మీ తాతగారి ఈలలు ఇన్నే అని లెక్క ఉంటుంది, ఒక్కో ఈలకి ఒక్కో పని. చాటింపుకి కొట్టే టముకు కూడా అంతే, అది జనాన్ని పిలుస్తుంది, విషయం చెప్పేది మనిషి నోరే. లోకెలె డోలు అలా కాదు. నిన్న ఎవరూ అనని వాక్యాన్ని కూడా ఇవాళ పంపగలదు.

వెంకటేశ్ గారు పద్యం పోల్చుకోవచ్చన్నది నిజమే, కానీ ముందే నోటికొచ్చిన పద్యమైతేనే. ‘రాముడు’, ‘సీతకు’ రెండూ ఒక గురువు, రెండు లఘువులు. డప్పు మీద ఏది కొట్టారో ఎలా చెబుతారు? లోకెలెవాళ్ళది ఒట్టి లయ కాదు. ఆ భాషలో ప్రతి అక్షరానికీ స్వరంలో హెచ్చు స్థాయో తగ్గు స్థాయో ఉంటుంది, అది మారితే అర్థం మారిపోతుంది. దుంగని తొలిచి చేసిన ఆ డోలు చీలికకి రెండు పెదవులుంటాయి. ఒకటి హెచ్చు, ఒకటి తగ్గు. మాటలోని స్థాయినే చేతికర్ర వాయిస్తుంది.

సుజాత: అలాగైనా హల్లులు, అచ్చులు పోయాయిగా! ఒకే స్థాయిలున్న మాటలు ఎన్నో ఉంటాయి కదండీ?

పద్మజ: అసలు విషయం అక్కడే ఉంది. చంద్రుడు ‘సొంగె’, కోడి ‘కొకొ’. రెండూ హెచ్చు, హెచ్చు. డోలు మీద తేడా లేదు. అందుకని ఒట్టి మాట ఎప్పుడూ కొట్టరు. చంద్రుడికి ‘సొంగె లి తంగె ల మంగ’, అంటే భూమిని కిందికి చూసే చంద్రుడు. కోడికి ‘కొకొ ఒలొంగొ ల బొకియొకియొ’, కియోకియో అనే చిన్న కోడి. మొదటి రెండు దెబ్బలూ ఒకటే అయినా తోక వేరు కాబట్టి వినేవాడు తడబడడు. ఆ తోకలు అప్పటికప్పుడు అల్లినవి కావు, అందరికీ తెలిసిన కట్టుమాటలు. దీనివల్ల డోలు మీది కబురు నోటి మాటకంటే సుమారు 8 రెట్లు పొడవవుతుందని అక్కడ ఏళ్ళ తరబడి ఉండి ఆ విద్య నేర్చిన జాన్ కారింగ్టన్ రాశాడు. ఆయన పుస్తకం 1949లో వచ్చింది. మనుషుల పేర్లూ అంతే, తండ్రి పేరు, తల్లి ఊరు కలిపి పొడుగ్గా కొడతారు.

మన తెలుగులో మాటకి అలాంటి స్థాయి లేదు. అందుకే డోలుకి మనం ఇవ్వగలిగింది చాలా తక్కువ. నాకు ఆశ ఉన్నది ఈల మీద.

వెంకటేశ్: స్థాయి లేకపోతే ఈల మాత్రం ఏం మోస్తుంది మేడమ్?

పద్మజ: కానరీ దీవుల్లో లా గొమేరాలో స్పానిష్‌ని ఈలతో లోయ ఇవతలి నుంచి అవతలికి పంపుతారు. స్పానిష్‌కీ అలాంటి స్థాయిలు లేవు. ఇ, ఎ పలికేటప్పుడు నాలుక ముందుకి వస్తుంది, ఈల హెచ్చుతుంది. ఒ, ఉ కి నాలుక వెనక్కి పోతుంది, ఈల తగ్గుతుంది. అ మధ్యలో, కాస్త కిందికి. హల్లు దగ్గర ఈల తెగడమో, వంగడమో జరుగుతుంది. త, చ పైకి లాగుతాయి, ప, క కిందికి. ఈల శక్తి అంతా కొద్దిపాటి స్వరాల మధ్యే ఉంటుంది కాబట్టి, అరుపు చెదిరిపోయే దూరానికి కూడా అది వినిపిస్తుంది. 1999 నుంచి అక్కడి బడుల్లో నేర్పుతున్నారు.

తెలుగులో చూడండి. ‘పిల్ల’, ‘పుల్ల’ ఈలలో ఇట్టే విడిపోతాయి, ఒకటి పైన, ఒకటి కింద. దీర్ఘం కూడా నిలుస్తుంది. కానీ ‘పాలు’, ‘పూలు’ దగ్గర దగ్గరగా వస్తాయి. అప్పుడు పక్క మాటే దిక్కు: ‘పాలు తాగు’, ‘పూలు కోయి’.

రమణ, కె.ఆర్.పురం: ‘పాలు తీసుకురా’, ‘పూలు తీసుకురా’ అంటే?

పద్మజ: అక్కడ మునుగుతాం. ‘గేదె పాలు’, ‘మల్లెపూలు’ అనాల్సిందే. లోకెలెవాళ్ళు తోక తగిలిస్తారు, మనం ముందు తగిలిస్తాం.

వెంకటేశ్: మరి ‘పాట’, ‘పాత’? ట కి నాలుక వెనక్కి మడుస్తాం. స్పానిష్‌లో అలాంటి ట లేదు కదా, వాళ్ళ లెక్క మనకెలా సరిపోతుంది?

పద్మజ: మంచి ప్రశ్న. నాలుక మడిస్తే ఈల కాస్త దిగాలని నా అంచనా. కానీ అది కిలోమీటరు అవతల చెవికి అందేంత తేడానా అన్నది ఇద్దరు ఈల బాగా వేసేవాళ్ళు వాక్యం లేకుండా ఒంటి మాటలు పంపి, అవతల రాసుకుంటేనే తేలుతుంది.

రమణ, కె.ఆర్.పురం: మా ఊళ్ళో వేళ్ళు పెట్టి ఈల వేసేవాళ్ళు ఇంకా ఉన్నారు మేడమ్. మాటల జాబితా ఇవ్వండి.