మత్తయి 5:7 పిల్లలతో చదివించేటప్పుడు ఏ ప్రశ్నలు అడగాలి?

అందరికీ వందనాలండి. చిత్తూరు దగ్గర మా చర్చిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు బైబిలు పాఠం చెబుతుంటాను, ఇప్పుడు ధన్యతల్ని ఒక్కో వాక్యం పట్టుకుని నిదానంగా చదువుతున్నాం. "కనికరముగలవారు ధన్యులు, వారు కనికరము పొందుదురు" దగ్గర ఆగిపోయాం. ఇందులో ఆజ్ఞ అంటూ ఏమీ లేదు, అయినా మననేదో గట్టిగా అడుగుతున్నట్టే ఉంటుంది కదా. ఒక పాప లేచి "మనం కనికరిస్తేనే దేవుడు కనికరిస్తాడా, అంటే బేరమా సార్?" అంది. మంచి ప్రశ్న.

అందుకే 18వ అధ్యాయంలో పదివేల తలాంతుల అప్పు కథ తీయించాను. అక్కడ రాజు తన దాసుడి అప్పు ముందే మొత్తం మాఫీ చేసేస్తాడు, ఆ దాసుడేమో బయటికొచ్చి నూరు దేనారాల కోసం, అంటే సుమారు వంద రోజుల కూలి కోసం, తోటి దాసుడి గొంతు పట్టుకుంటాడు. కనికరం ముందు అందింది, ఆ తర్వాతే అతని నుంచి ఆశించారు. 5:7లో మాత్రం వరస తిరగబడినట్టుంది, పైగా కథ చివర్లో రాజు ఆ మాఫీని వెనక్కి తీసుకుంటాడు, అక్కడ పిల్లలు ఇంకా తికమకపడ్డారు.

జవాబు నేనే చెప్పేస్తే నోట్సులో రాసుకుని ఊరుకుంటారు. ఈ రెండు భాగాల్నీ వాళ్లే పక్కపక్కన పెట్టి చూసేలా ఎలాంటి ప్రశ్నలు వేయాలి? మామిడి తోట కూలీకిచ్చిన అడ్వాన్సు ఉదాహరణగా తీసుకుంటే విషయం పక్కదారి పడుతుందా? ఇలా చదివించినవాళ్లు ఉంటే కాస్త వివరంగా చెప్పండి.