అప్‌డేట్: మ్యూజిక్ క్లబ్ సౌండ్ సిస్టమ్‌కి డబ్బు మంజూరైంది

నా పాత ప్రశ్న: "కాలేజీ మ్యూజిక్ క్లబ్ సెక్రటరీని. మిక్సర్, స్పీకర్లు, కేబుల్స్ కోసం లక్ష రూపాయలు అడుగుతూ ప్రిన్సిపాల్ గారికి లెటర్ ఇస్తే వెనక్కి వచ్చింది. ఎలా రాయాలి?"

సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. పోయిన వారం సంతకం అయింది.

పని చేసింది అద్దె లెక్క. పాత బిల్లులు తీసి చూస్తే ఏడాదిలో 5 కార్యక్రమాలకు, ఒక్కోదానికి 9,000 చొప్పున 45,000 అద్దెకే పోయింది. రెండో పేరాలో అదే రాశాను. కొనడానికి జీఎస్టీతో కలిపి 81,420 అవుతుంది, అంటే రెండేళ్ల అద్దె కన్నా తక్కువ. సార్ ఆ లైన్ కిందే పెన్నుతో గీత గీశారు.

మొదటి లెటర్ ఎందుకు ఆగిందో అకౌంట్స్ సెక్షన్‌లో చెప్పారు. "సౌండ్ సిస్టమ్, లక్ష" అని ఒక్క ముక్కలో రాశాను, కొటేషన్లు లేవు. ఈసారి మూడు షాపుల కొటేషన్లు పెట్టి, 8 ఛానళ్ల మిక్సర్, రెండు పవర్డ్ స్పీకర్లు, స్టాండ్లు, కేబుల్స్ విడివిడిగా చూపించాను. పవర్డ్ స్పీకర్లలో యాంప్లిఫయర్ లోపలే ఉంటుంది కాబట్టి దాని ఖర్చు తగ్గింది. కేబుల్స్‌కి మాత్రం ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని మీటర్లు అని రాయాల్సి వచ్చింది. మేం స్టేజీ కొలిచి చూస్తే ముందు అనుకున్న 10 మీటర్లు చాలలేదు, 20 కావాలి.

సామాను ఎవరి దగ్గర ఉంటుందని కూడా అడిగారు. స్టాక్ రిజిస్టర్, తాళం ఫ్యాకల్టీ కోఆర్డినేటర్ మేడమ్ దగ్గర ఉంటాయని రాసి, ఆవిడ సంతకంతోనే పంపాను.

లెటర్ ఇంగ్లీషులో ఉండాలా తెలుగులో ఉండాలా అని పడ్డ టెన్షన్ అనవసరం. మా బహుమతుల జాబితా గురించీ ఎవరూ అడగలేదు.