‘ఇస్తేనే’ అంటే మరీ కటువుగా ఉంటుందా?

తెనాలి అమ్మాయి: పాఠ్యపుస్తకాల ప్రచురణ సంస్థ ఒకటి నాకు తెలుగు సబెడిటర్ ఉద్యోగం ఇస్తామని మెయిల్ పెట్టింది. మెయిల్ తెలుగులోనే ఉంది కాబట్టి జవాబూ తెలుగులోనే రాయాలి. నెలకు 32,000 అన్నారు, ఆగస్టు 1న చేరమన్నారు. నాకు 38,000 కావాలి. ఇప్పుడున్న చోట రిలీవింగ్ లెటర్ ఆగస్టు 16 తర్వాత ఇస్తారు. ఇలా రాశాను: ‘మీరు 38,000 ఇస్తేనే చేరగలను. చేరే తేదీని కాస్త ముందుకు జరపగలరు.’ మా అన్నయ్య చదివి, ఇది జవాబు కాదు, బెదిరింపు అన్నాడు. ఏం మార్చాలి?

సిరిసిల్ల: ఆ ‘ఏ’ తీసేయండి. ‘ఇస్తే చేరగలను’ చాలు. ‘ఏ’ ఉంటే మర్యాద పోతుంది, ఉత్తరాల్లో ఎక్కడా వాడకూడదు.

పాత సబెడిటర్: ఎక్కడా వాడకూడదంటే ఎలాగండీ? ‘ఇస్తేనే’ అన్నప్పుడు మిగతా దారులన్నీ మూసేస్తున్నాం. పైగా ఆ మూసేది అవతలివాళ్లు చేయాల్సిన పని మీద పడుతోంది, అందుకే గుచ్చుకుంటుంది. అదే ‘ఏ’ని తేదీకి తగిలించి చూడమ్మా: ‘రిలీవింగ్ లెటర్ ఆగస్టు 16 తర్వాతే చేతికి వస్తుంది, కాబట్టి 18న చేరగలను.’ ఇక్కడ గట్టిగానే ఉంది, ఎవరినీ అనలేదు. ఉన్న పరిస్థితి చెప్పావంతే.

ఇంకోటి. ‘మీరు ఇస్తే’ అన్నప్పుడు వాళ్లు దాతలు, నువ్వు చేయి చాచినదానివి అవుతావు. ‘జీతం 38,000 అయితే చేరడానికి నాకు సమ్మతం’ అని రాయి. ఇచ్చేవాళ్లూ లేరు, పుచ్చుకునేవాళ్లూ లేరు, అంకె ఒక్కటే మిగిలింది.

కడప కుర్రాడు: నాకూ ఇలాగే 32,000 అన్నారండీ. కంపెనీ పీఎఫ్ వాటా కూడా అందులోనే కలిపారు. నా వాటా 1,800, వాళ్ల వాటా 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోను చేతికి 28,200 వచ్చింది. ముందు ఆ 32,000 ఏ లెక్కో అడగండి.

తెనాలి అమ్మాయి: నేను అడిగింది మాట గురించి. కానీ ఈ సంగతి నాకు తట్టనేలేదు, థాంక్స్. ‘చేతికి వచ్చే జీతం’ అని రాస్తాను.

సిరిసిల్ల: ‘ముందుకు జరపగలరు’ మాటేంటి? మా వైపు ముందుకు జరపడమంటే ఆగస్టు 1 కంటే ముందే అని.

పాత సబెడిటర్: మా ఇంట్లో అయితే తర్వాతికి అని. మా అక్క కూతురి పెళ్లి ముహూర్తం ‘ముందుకు జరిగింది’ అని ఫోన్ వస్తే సగం మంది సెలవులు రద్దు చేసుకున్నారు, సగం మంది హడావిడిగా టికెట్లు కొన్నారు. ముందుకూ వెనక్కూ ఎందుకు, తేదీ రాసేయడమే.

సిరిసిల్ల: ‘గలరు’ కూడా నాకు నచ్చదు. ‘గమనించగలరు’ అని నోటీసు బోర్డుల్లో వేస్తారు చూడండి, అది అడుగుతున్నట్టుందా, ఆజ్ఞాపిస్తున్నట్టుందా?

పాత సబెడిటర్: నాకైతే మర్యాదగానే వినిపిస్తుంది.

సిరిసిల్ల: నాకు వినిపించదు.

గుంటూరు ప్లీడరు: ఒక్క మాట. ‘మీ ఉద్యోగాన్ని అంగీకరిస్తున్నాను, కానీ...’ అని మాత్రం మొదలుపెట్టకండి. మన 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 7వ సెక్షన్ ప్రకారం అంగీకారానికి షరతు ఉండకూడదు. ‘కానీ’ తగిలిస్తే అది ఒప్పుకోవడం కాదు, మీరు పెట్టిన కొత్త ప్రతిపాదన. ఆ తర్వాత పాత 32,000కే చేరతానన్నా, ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లకు ఉండదు.

తెనాలి అమ్మాయి: బాబోయ్, నేను సరిగ్గా అలాగే మొదలుపెట్టాను! తిరగరాశాను, చూడండి:

‘నన్ను ఎంపిక చేసినందుకు కృతజ్ఞతలు. మీ దగ్గర పనిచేయాలని నాకు ఆసక్తి ఉంది. అయిదేళ్లుగా ఎనిమిది, తొమ్మిది తరగతుల పుస్తకాల ప్రూఫులు చూస్తున్నాను. ఆ అనుభవాన్ని బట్టి చేతికి వచ్చే జీతం 38,000 అయితే నాకు సమ్మతం. రిలీవింగ్ లెటర్ ఆగస్టు 16 తర్వాతే వస్తుంది కాబట్టి 18న చేరగలను. మీ నిర్ణయం శుక్రవారంలోగా తెలియజేయండి.’

సిరిసిల్ల: ‘తెలియజేయండి’ బాగుంది. ‘తెలియజేయగలరు’ అనలేదు, సంతోషం.

పాత సబెడిటర్: ‘తెలియజేయగోరుతున్నాను’ అని ఉంటే ఇంకా...

సిరిసిల్ల: వద్దు సార్, అది అర్జీ అయిపోతుంది.

తెనాలి అమ్మాయి: పంపేశాను. ఫోన్ చేశారు. తేదీకి సరేనన్నారు, జీతం 36,000 అన్నారు. ఇప్పుడు ‘38,000కు తగ్గను’ అనకుండా అదే మాట ఎలా చెప్పాలి?

పాత సబెడిటర్: ముందు ఇది చెప్పమ్మా. 36,000కు నిజంగా చేరవా?

తెనాలి అమ్మాయి: చేరతానండీ.

గుంటూరు ప్లీడరు: అయితే ఆ సంగతి ఫోన్‌లో మాత్రం చెప్పకండి. 36,000 అన్న మాట ముందు వాళ్ల మెయిల్‌లో రానివ్వండి.