రెండు బీర్లా, క్వార్టరా: పొద్దున తల పగిలేది దేనికి?

రవి_గుంటూరు:
మా బ్యాచ్‌లో ఎప్పుడూ ఇదే గొడవ. శనివారం రాత్రి నేను రెండు స్ట్రాంగ్ బీర్లు తాగితే ఆదివారం మధ్యాహ్నం దాకా తల దిమ్ముగానే ఉంటుంది. మావాడు క్వార్టర్ విస్కీ వేసి పొద్దున ఆరింటికి క్రికెట్‌కి వెళ్తాడు. బీరు, వైను, విస్కీల హ్యాంగోవర్‌లో నిజంగా తేడా ఉందా, లేక ఎంత తాగామన్నదే లెక్కా? మందులో ఆల్కహాల్‌తో పాటు కొద్దికొద్దిగా ఉండే వేరే పదార్థాలు, కంజెనర్లు అని ఎక్కడో చదివాను. అవేనా కారణం?

లెక్కల_మాస్టారు:
రవీ, ముందు లెక్క చూడు. నీ స్ట్రాంగ్ బీరు సీసా 650 ఎం.ఎల్. అందులో ఆల్కహాల్ ఏడున్నర శాతం అనుకుందాం. రెండు సీసాల్లో అసలు ఆల్కహాల్ 97 ఎం.ఎల్. పైనే. మీవాడి క్వార్టర్ 180 ఎం.ఎల్., మన దగ్గర విస్కీ 42.8 శాతం ఉంటుంది. అంటే 77 ఎం.ఎల్. మాత్రమే. వాడికంటే నువ్వు 20 ఎం.ఎల్. ఎక్కువ తాగావు. విస్కీలో చెప్పాలంటే ఇంకో 45, 50 ఎం.ఎల్. పోసుకున్నట్టు. బీరు కదా, తేలిక అనుకుని తాగుతారు, పొద్దున సీసాని తిడతారు. కంజెనర్లూ లేవు, గింజనర్లూ లేవు. మోతాదు ఒక్కటే.

సిరిసిల్ల_శీను:
మాస్టారూ, లెక్క బాగుంది కానీ అంత తీసిపారేయకండి. దీని మీద అమెరికాలో పరీక్షే చేశారు. బోర్బన్ అనే అమెరికా విస్కీలో వోడ్కాలో కంటే కంజెనర్లు 37 రెట్లు ఎక్కువట. బోర్బన్ తాగినవాళ్లకే హ్యాంగోవర్ ఎక్కువైంది. సూత్రం సింపుల్ బ్రో: రంగు ఎంత ముదిరితే తలనొప్పి అంత. రమ్ము, బ్రాందీ, విస్కీ మానేసి వోడ్కాకి మారు, ఎంత తాగినా పొద్దున ఫ్రెష్‌గా లేస్తావు.

బ్లెండింగ్_రూమ్:
శీను గారూ, 37 రెట్లు నిజమే. కానీ ఆ పరీక్షలో తర్వాతి సగం మీరు చెప్పలేదు.

నేను పదకొండేళ్లు డిస్టిలరీ ల్యాబ్‌లో చేశాను. అందుకే ఈ విషయం వస్తే కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఏమనుకోకండి. మీరన్న పరీక్ష 2010లో అచ్చయింది. బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు, బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు కలిసి చేశారు. 21 నుంచి 33 ఏళ్ల మధ్య వాళ్లు, బాగా తాగే అలవాటున్న 95 మంది. ఒక రాత్రి కొందరికి బోర్బన్, కొందరికి వోడ్కా. ఇంకో రాత్రి అందరికీ ఉత్తుత్తి మందు. మందిచ్చిన రాత్రి రెండు గుంపుల్నీ ఒకే మత్తు దాకా తెచ్చారు, ఊపిరి పరీక్షలో సగటున 0.11 శాతం. తర్వాత అక్కడే పడుకోబెట్టి నిద్రను యంత్రాలతో రికార్డు చేశారు. పొద్దున ఎలా ఉందని అడిగారు, ఏకాగ్రతకీ, ఎంత త్వరగా స్పందిస్తున్నారో చూడటానికీ పరీక్షలు పెట్టారు.

బోర్బన్ వాళ్లు తమకు ఎక్కువ నలతగా ఉందన్నారు. అంతవరకు మీ మాట ఒప్పు. పని పరీక్షల్లో మాత్రం రెండు గుంపులూ ఒకేలా వెనకబడ్డాయి. నిద్ర ఇద్దరికీ ఒకేలా చెడింది. వోడ్కా తాగినవాడికి తల తక్కువ నొప్పి పెట్టింది, కానీ బండి నడపడానికి మాత్రం వాడు ఇంకొకడి కంటే మెరుగేమీ కాదు. బోర్బన్‌కీ వోడ్కాకీ ఉన్న తేడా కంటే, తాగిన రాత్రికీ తాగని రాత్రికీ ఉన్న తేడా చాలా పెద్దది. కాబట్టి "ఎంత తాగినా ఫ్రెష్‌గా" అన్నది ఆ పరీక్ష చెప్పిన మాట కాదు.

లెక్కల_మాస్టారు:
చూశారా! పైగా బోర్బన్ వాసన తెలిసిపోదా? "అమ్మో, ఇది గట్టి మందు" అని ముందే అనుకున్నవాడు పొద్దున తలనొప్పి ఎక్కువనే చెప్తాడు.

బ్లెండింగ్_రూమ్:
ఆ అనుమానం న్యాయమైనదే మాస్టారూ. కెఫీన్ లేని కోలాలో కలిపి ఇచ్చారు గానీ, ముక్కు ఉన్నవాడికి కొంత తెలిసే ఉంటుంది. అయినా మొత్తం ఊహే అనను. 1970ల నాటి పాత పరీక్షల్లోనూ వోడ్కా చివరి స్థానంలోనే ఉంది, బ్రాందీ, బోర్బన్ లాంటివి పైనున్నాయి.

ఇక రంగు సూత్రం. మన దేశంలో అది పనిచేయదు, ఇది మాత్రం గట్టిగా చెప్తాను. అమెరికా బోర్బన్ రంగు లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో ఏళ్ల తరబడి ఉండి వచ్చేది. మన దగ్గర మామూలు ధరలో దొరికే విస్కీలో ఎక్కువ భాగం ఈ.ఎన్.ఏ., అంటే చెరకు మడ్డి నుంచో ధాన్యం నుంచో తీసి, వాసనలన్నీ పోయేదాకా శుద్ధి చేసిన స్పిరిట్. అందులో కొంచెం మాల్ట్, వాసనకి ఎసెన్స్, రంగుకి కారమెల్. వోడ్కాకీ ఆధారం దాదాపు అలాంటి స్పిరిటే. మా ల్యాబ్‌లో ఈ.ఎన్.ఏ. శాంపిల్ మెషిన్‌లో పెడితే గ్రాఫ్ మీద ఒక్క పెద్ద కొండ, మిగతా అంతా చదునైన నేల. మాల్ట్ స్పిరిట్ పెడితే పక్కన చిన్న చిన్న పుట్టలు లేస్తాయి. అవే కంజెనర్లు: ఫ్యూజల్ ఆల్కహాళ్లు, ఎస్టర్లు, ఎసిటాల్డిహైడ్, కాస్త మిథనాల్.

మెషిన్ లేకపోయినా తెలుస్తుంది. రెండు గ్లాసుల్లో రెండూ పోసి, ఒంపేసి, కడగకుండా బోర్లించండి. పొద్దున ఈ.ఎన్.ఏ. గ్లాసులో దాదాపు ఏ వాసనా ఉండదు. మాల్ట్ గ్లాసు ఇంకా చెక్క వాసన, ధాన్యం వాసన కొడుతూనే ఉంటుంది. రంగును నమ్మకండి, కారమెల్ రెండు చుక్కలేస్తే నీళ్లు కూడా విస్కీలాగే కనిపిస్తాయి.

అందుకని రవి గారి స్నేహితుడి క్వార్టర్‌లో కంజెనర్లు మనం అనుకున్నంత ఉండకపోవచ్చు. అది ఖరీదైన సింగిల్ మాల్టైతే కథ వేరు.

లక్ష్మి_మెల్‌బోర్న్:
నాకైతే రెడ్ వైన్ ఒక్క గ్లాసు చాలు, గంటలో తల పట్టేస్తుంది. వైట్ వైన్ రెండు గ్లాసులు తాగినా ఏమీ కాదు. ఒక్క గ్లాసుకి మోతాదు ఏముందండీ? అంటే కంజెనర్లే కదా?

బ్లెండింగ్_రూమ్:
లక్ష్మి గారూ, మీది హ్యాంగోవర్ కాదనుకుంటాను. హ్యాంగోవర్ వచ్చేది ఒంట్లో ఆల్కహాల్ సున్నాకి దగ్గరపడుతున్నప్పుడు, అందుకే అది పొద్దుటి జబ్బు. మీకేమో తాగుతుండగానే వస్తోంది. అది వేరే దారి. హిస్టమిన్ అంటారు, టానిన్లు అంటారు. 2023లో కాలిఫోర్నియా పరిశోధకులు క్వెర్సెటిన్‌ని అనుమానించారు. ద్రాక్ష తొక్కలో ఉండే పదార్థం అది. ఒంట్లో మార్పు చెందాక, ఆల్కహాల్ నుంచి తయారయ్యే ఎసిటాల్డిహైడ్‌ని విడగొట్టే ఎంజైమ్‌ని అడ్డుకుంటుందని ల్యాబ్‌లో చూపించారు. మనుషుల మీద తేలితే గానీ ఒప్పుకోలేం. మీకు మైగ్రేన్ ఉంటే డాక్టర్‌కి ఈ సంగతి చెప్పండి.

ప్రసాద్_డ్యూసెల్‌డార్ఫ్:
ఇక్కడ జర్మన్లకి ఓ సామెత ఉంది. బీరు మీద వైను తాగితే ఫర్వాలేదు, వైను మీద బీరు వద్దు అని. మా దగ్గర్లోని విట్టెన్ యూనివర్సిటీ వాళ్లు 2019లో 90 మంది మీద దీన్ని పరీక్షించారు. కొందరికి ముందు బీరు, తర్వాత వైట్ వైను. కొందరికి తిరగేసి. ఇంకొందరికి ఒక్కటే రకం. ఇక్కడా అందర్నీ 0.11 శాతం దాకానే తెచ్చారు. వరసకీ, రకానికీ పొద్దుటి బాధతో సంబంధం కనబడలేదు. ముందే పసిగట్టగలిగింది రెండింటితోనే: రాత్రి ఎంత మత్తుగా అనిపించింది, వాంతి అయ్యిందా.

లెక్కల_మాస్టారు:
అయిపోయింది. కేసు క్లోజ్. మోతాదే.

బ్లెండింగ్_రూమ్:
ఆగండి మాస్టారూ. అందులో ఉన్నది లాగర్ బీరు, వైట్ వైను. బోర్బన్ లేదు, బ్రాందీ లేదు. పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ల మధ్య దూరం కొలిచి, హైదరాబాద్ నుంచి ఢిల్లీకీ అంతే దూరం అన్నట్టుంది. బీరూ వైట్ వైనూ ఒకేలా తేలాయి, సరే. ఏళ్ల తరబడి పీపాలో ఉన్న స్పిరిట్‌కీ, శుద్ధి చేసిన స్పిరిట్‌కీ తేడా వచ్చింది, అదీ సరే. రెండూ నిజం కావచ్చు. మొదటి ముద్దాయి మోతాదే, నాకూ సందేహం లేదు. అదే మోతాదు మీద పీపా మందు ఇంకాస్త బాధ పెడుతుంది, అంతే నేననేది.

సిరిసిల్ల_శీను:
సరే, రంగు సంగతి వదిలేశా. మరి పొద్దున ఒక నైంటీ వేస్తే ఎందుకు దిగుతుంది? మా బాబాయిది రోజూ అదే మందు.

బ్లెండింగ్_రూమ్:
కంజెనర్ల వాళ్లకి బాగా నచ్చే వాదన ఇక్కడే ఉంది. మామూలు ఆల్కహాల్‌నీ మిథనాల్‌నీ లివర్‌లో విడగొట్టేది ఒకే ఎంజైమ్. అది ముందు మామూలు ఆల్కహాల్ పనే చూస్తుంది. అది అయిపోయాక, అంటే తెల్లారేసరికి, మిథనాల్ వంతు. అది ఫార్మాల్డిహైడ్‌గా, తర్వాత ఫార్మిక్ యాసిడ్‌గా మారుతుంది. నైంటీ వేస్తే ఎంజైమ్ మళ్లీ మామూలు ఆల్కహాల్ పనిలో పడి మిథనాల్‌ని పక్కన పెడుతుంది. తీరా చూస్తే అప్పు తీర్చడానికి మళ్లీ అప్పు చేసినట్టు, నొప్పి సాయంత్రానికి జరుగుతుంది. అయినా అసలు దోషి మిథనాలే అని ఎవరూ తేల్చలేదు. ఇన్ని కంజెనర్లలో ఎవరిది ఎంత పాపమో ఇప్పటికీ వాదనే.

మీ బాబాయి గారిది మాత్రం హ్యాంగోవర్ మాట దాటింది. రోజూ పొద్దున మందు పడితేగానీ చేతి వణుకు తగ్గట్లేదంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఉన్నట్టుండి మాన్పించకండి, ఫిట్స్ రావచ్చు.

ఇంకొక్క మాట. నేను చెప్పిన మిథనాల్ సీల్ ఉన్న సీసాలోని చిటికెడు. కల్తీ సారా సంగతి వేరు. తాగిన మర్నాడు చూపు మసకబారితే, కళ్లముందు తెల్లగా మంచులా కనిపిస్తే, అది హ్యాంగోవర్ అని పడుకోకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

రవి_గుంటూరు:
అందరికీ థ్యాంక్స్. ఇది చదివాక నిన్న మావాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. క్వార్టర్ వాడి పేరు మీదే కొంటాడట గానీ, అందులో అరవై మా బావ గ్లాసులోకి పోతుందట. మిగతా నూట ఇరవై బిర్యానీ తింటూ నాలుగు గంటలు లాగుతాడు. నేనేమో రెండు బీర్లూ ఖాళీ కడుపుతో, చల్లారిపోతాయని గంటన్నరలో లేపేస్తాను. సీసా మీద చూస్తే "8 శాతం మించదు" అని ఉంది.

లెక్కల_మాస్టారు:
నూట ఇరవై అంటే 51 ఎం.ఎల్. నీది ఎనిమిది శాతమే అయితే 104. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు, అంతే.

సిరిసిల్ల_శీను:
చల్లారిపోవడమేంటి బ్రో, బీరు వేడెక్కుతుంది. ఇంకా దిగలేదా?