పేరే మార్చాలా, లోగో సరిదిద్దితే చాలా?

బెంగళూరు మారతహళ్లిలో మాకు పచ్చళ్లు, పొడుల షాపు ఉంది. పేరులోనే ‘ఆవకాయ’ ఉంది. జాడీ పట్టుకున్న బామ్మ మా లోగో. ఫోన్‌లో ఆర్డర్ యాప్ తెరిస్తే ఆ బామ్మ కాస్తా ఎర్రటి మరకలా కనిపిస్తుంది. డిజైనర్‌ని పిలిస్తే పేరు, రంగు, సీసా అన్నీ మార్చేద్దామన్నారు.

లోగో బాగోలేదంటే ఒప్పుకుంటాను. గీతలు తగ్గించి జాడీ ఒక్కటే ఉంచితే ఆ సమస్య తీరుతుంది. కానీ షాపుకొచ్చిన ముప్పై మందిని మమ్మల్ని ఎలా గుర్తుపడతారని అడిగితే, ఇరవై రెండు మంది ‘ఎర్ర మూత’ అన్నారు. దాన్ని తీసేయడానికి చెయ్యి రావట్లేదు. 2009లో జ్యూస్ కంపెనీ ట్రోపికానా డబ్బా రూపం మార్చి, జనం గొడవ చేస్తే కొద్ది వారాల్లోనే పాతదానికి వెళ్లిపోయింది కదా!

నా అసలు టెన్షన్ పేరుతోనే. ఇప్పుడు అమ్మకాల్లో సగం రాగి, కొర్ర దోశ పిండి మిక్స్‌లవే. పేరు చూసి ‘పచ్చళ్లేనా ఉండేది?’ అని రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. పేరు మారిస్తే కొత్త ట్రేడ్‌మార్క్ దరఖాస్తు, కన్నడ బోర్డు, లేబుళ్లు అన్నీ మళ్లీ మొదలు.

పచ్చళ్లకు పాత పేరే ఉంచి, మిక్స్‌లకు వేరే పేరు పెడితే సరిపోతుందా? ఇలా చేసినవాళ్లు ఉంటే, పాత కస్టమర్లు తికమకపడ్డారా చెప్పండి.